ఉద్యోగ వేళలు, ఆరాధనా వేళలు: నంద్యాల - ఆళ్లగడ్డ దారిలో ఒక పరిశీలన

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు రోడ్డు దారిన సుమారు నలభై కిలోమీటర్లు. రెండు ఊళ్లలోనూ ఆర్టీసీ డిపోలున్నాయి. ఈ దారిలో బస్సు నడిపే ముస్లిం సోదరులున్నారు. నంద్యాల కార్యాలయాలలో గుమాస్తాలుగా, బడులలో ఉపాధ్యాయులుగా, మిల్లులలో కూలీలుగా పనిచేసే వారున్నారు. ఆసుపత్రులలో నర్సులుగా పనిచేసే సోదరీమణులున్నారు. వీరందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నలు మూడు. శుక్రవారం జుమాకు ఎట్లా వెళ్లాలి? పండుగకు సెలవు ఎట్లా అడగాలి? గడ్డం, తలగుడ్డ విషయంలో పై అధికారి అభ్యంతరం చెబితే ఏమి చేయాలి?

ఈ ప్రశ్నలకు మన వాళ్లు సాధారణంగా రెండు రకాల జవాబులు చెబుతుంటారు. "మతస్వాతంత్ర్యం రాజ్యాంగమే ఇచ్చింది, అడ్డు చెప్పడానికి వారెవరు?" అని కొందరంటారు. "ఉద్యోగమన్నాక తప్పదు, ఇంటికి వచ్చి ఖజా చేసుకుంటే సరి" అని మరికొందరంటారు. రెండు మాటలూ తొందరపాటు మాటలే. ఇటువంటి కోరిక నెగ్గడానికి రెండు విషయాలు ముందుగా తెలిసి ఉండాలి. మనం అడుగుతున్నది ధర్మశాస్త్రంలో ఏ స్థాయికి చెందినది? ఫర్జా, వాజిబా, సున్నతా, లేక కేవలం ఆచారమా? రెండవది, మన ఉద్యోగ నిబంధనలో దానిని గురించి ఏమని వ్రాసి ఉంది? ఈ రెంటిలో ఒకటి తెలిసి మరొకటి తెలియనివాడు తనకు దక్కవలసినది పోగొట్టుకుంటాడు, లేదా దక్కనిదాని కోసం పోరాడి ఉద్యోగానికి ముప్పు తెచ్చుకుంటాడు. ఒక్కొక్క సందర్భాన్ని తీసుకుని ఈ మాటను పరిశీలిద్దాం.

జుమా: బస్సు కండక్టరు సమస్య

నంద్యాలలో కాపురముంటూ ఆళ్లగడ్డ సర్వీసు మీద పనిచేసే ఒక కండక్టరును ఉదాహరణగా తీసుకుందాం. శుక్రవారం ఆయన బస్సు నంద్యాలలో 11 గంటల 40 నిమిషాలకు బయలుదేరి 12 గంటల 50 నిమిషాలకు ఆళ్లగడ్డ చేరుతుందనుకుందాం. తిరిగి 1 గంట 15 నిమిషాలకు బయలుదేరాలి. మన ప్రాంతంలో సూర్యుడు నడినెత్తి నుండి వాలే సమయం సంవత్సరం పొడుగునా ఇంచుమించు 12 గంటలకూ 12 గంటల 30 నిమిషాలకూ మధ్యనే ఉంటుంది. జుమా వేళ అప్పటి నుండే మొదలవుతుంది. కాని మసీదులలో జమాఅత్ ఒంటిగంట దాటిన తరువాతనే నిలబడడం ఎక్కువ. అంటే ఖుత్బా మొదలయ్యే సమయానికి ఆయన బస్సు ఊరు దాటుతూ ఉంటుంది.

ఈ సోదరుడు మొదట తేల్చుకోవలసినది తాను ముసాఫిరా, ముఖీమా అన్నది. ప్రయాణికుని మీద జుమా విధి కాదు. ఆయన జొహర్ నమాజును రెండు రకాతులకు కుదించి చేస్తాడు. "నేను రోజంతా బస్సులోనే తిరుగుతాను కనుక నేనూ ప్రయాణికుడినే" అని చాలామంది డ్రైవర్లూ కండక్టర్లూ అనుకుంటారు. ఇది పొరపాటు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మజ్‌హబ్ ప్రకారం, తన ఊరు విడిచి కనీసం నలభై ఎనిమిది మైళ్లు, అనగా సుమారు డెబ్బై ఏడు కిలోమీటర్ల దూరంలోని చోటికి పోవాలన్న సంకల్పంతో బయలుదేరినవాడే ముసాఫిర్. కొందరు ఉలమా ఈ దూరాన్ని ఇంకా కొంత ఎక్కువగా లెక్కిస్తారు. లెక్కకు వచ్చేది పోయే దూరం మాత్రమే. పోవడం, రావడం కలిపి లెక్కించరు. కనుక నంద్యాల - ఆళ్లగడ్డ మధ్య రోజుకు నాలుగు సార్లు తిరిగి నూట అరవై కిలోమీటర్లు నడిపినా ఆయన ముసాఫిర్ కాడు. ఆయన మీద జుమా విధిగానే ఉంటుంది, జొహర్ చేయవలసి వస్తే నాలుగు రకాతులే చేయాలి.

అదే కండక్టరు నంద్యాల నుండి హైదరాబాదు సర్వీసు మీద పోతే విషయం వేరు. ఊరి పొలిమేర దాటగానే ఆయన ముసాఫిర్ అవుతాడు. జుమా తప్పితే దోషం లేదు. దారిలో బస్సు ఆగినచోట జొహర్ రెండు రకాతులు చేస్తే చాలు. రంజాన్ నెలలో తెల్లవారకముందే ఇటువంటి ప్రయాణం మీద ఉన్నవాడికి ఉపవాసం మానుకుని తరువాత పూర్తి చేసుకునే వెసులుబాటు కూడా దివ్య ఖురాన్ ఇచ్చింది. నంద్యాల - కర్నూలు దారి డెబ్బై, డెబ్బై అయిదు కిలోమీటర్ల ప్రాంతంలో ఉండి ఈ హద్దుకు చాలా దగ్గరగా వస్తుంది. అటువంటి సర్వీసు మీద ఉన్నవారు సొంతంగా తీర్పు చెప్పుకోక స్థానిక ఆలిమ్‌లను ఒకసారి అడిగి తెలుసుకుని, ఇకపై అట్లాగే ఆచరించడం మంచిది. ఇంకొక మాట. దూరపు సర్వీసు మీద పోతున్న డ్రైవరు దారిలో తన సొంత ఊరిలోకి ప్రవేశిస్తే, అక్కడ ఉన్నంతసేపు ముఖీమే అవుతాడు.

ఇక మన ఆళ్లగడ్డ సర్వీసు కండక్టరు విషయం. ఆయనకు జుమా విధి అని తేలింది. అయితే యజమాని కాలాన్ని ఆయన అమ్ముకున్నాడు. ఆ కాలంలో నమాజు చేసే హక్కు ఎంత? ఈ ప్రశ్న కొత్తది కాదు. ఒకరి దగ్గరే నియమిత కాలానికి పని ఒప్పుకున్న కూలీని గురించి హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలు వెనుకటి కాలంలోనే చర్చించాయి. అటువంటివాడు ఫర్జ్ నమాజును పని వేళలో చేయవచ్చు, దానిని యజమాని ఆపరాదు. నఫిల్ నమాజులకు మాత్రం యజమాని అనుమతి కావాలి. జుమా విషయంలో ఫుఖహా ఇంకా వివరంగా చెప్పారు. మసీదు దగ్గరలో ఉంటే కూలీలో ఏమీ తగ్గదు. మసీదు దూరమై రోజులో చెప్పుకోదగిన భాగం పోతే, పోయిన కాలానికి తగినంత కూలీ తగ్గించుకోవచ్చు. ఈ తీర్పులోని న్యాయం గమనించదగినది. ఆరాధన హక్కును నిలబెట్టింది, అదే సమయంలో యజమాని కాలానికీ లెక్క చెప్పింది. జుమాకు పిలుపు వినగానే వ్యాపారం విడిచిపెట్టమన్న ఆదేశమూ, నమాజు ముగియగానే భూమి మీద విస్తరించి జీవనోపాధి వెతుక్కోమన్న మాటా ఖురాన్‌లో ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

దీనిని బట్టి మన కండక్టరు డిపోలో ఏమని అడగాలి? "మతవిషయం, వదలండి" అని అడిగితే డ్యూటీలు వేసే గుమాస్తా చేయగలిగేదేమీ లేదు. ఒక మనిషి దిగిపోతే ఒక బస్సు ఆగిపోతుంది. కనుక అడిగేటప్పుడే ఉపాయం కూడా చెప్పాలి. ఆయన ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, వారపు సెలవు శుక్రవారానికి మార్పించుకోవడం. ఇది అన్నిటికంటె నిలకడైనది. కాని డిపోలో ముస్లిం సిబ్బంది ఎక్కువగా ఉంటే అందరికీ ఒకేరోజు సెలవు కుదరదు. అప్పుడు వంతులు వేసుకోవలసి వస్తుంది.

రెండవది, శుక్రవారం పూట తోటి ఉద్యోగితో డ్యూటీ మార్చుకోవడం. తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్నానికి ముగిసే డ్యూటీ తాను తీసుకుని, మధ్యాహ్నం డ్యూటీ మరొకరికి ఇవ్వాలి. దీనికి బదులుగా సంక్రాంతి, ఉగాది, దసరా రోజులలో ఆ తోటి ఉద్యోగి డ్యూటీ తాను చేస్తానని ఒప్పుకోవాలి. ఇద్దరూ సంతకాలు చేసిన కాగితం ముందురోజే కార్యాలయంలో ఇవ్వాలి. నోటిమాట మీద జరిగిన మార్పిడి చెడిపోయే చోటు ఇక్కడే. ఏ కారణం చేతనైనా అవతలివాడు రాకపోతే, చార్టులో పేరున్నవాడే గైరుహాజరు అవుతాడు.

మూడవది, ఆళ్లగడ్డలో బస్సు ఆగే సమయాన్ని పది, పదిహేను నిమిషాలు సర్దించుకోవడం. ఇది సమయపట్టిక మార్పు కనుక డిపో అధికారి చేతిలో ఉన్న పని. ఆ మార్గంలో ముందువెనుకల బస్సులు ఎన్నున్నాయో చూసి అడగాలి. ఊరిలో ఏ మసీదులో జమాఅత్ ముందుగా నిలుస్తుందో కనుక్కుని, బస్‌స్టాండుకు దగ్గరదాన్ని ఎంచుకోవాలి. ఖుత్బా, రెండు రకాతుల ఫర్జ్ కలిసి అరగంటకు మించనవసరం లేదు. సున్నతులు తరువాత చేసుకోవచ్చు. ఇంకొక చిన్న విషయం, కాని అసలు చిక్కంతా అక్కడే ఉంటుంది. వసూలు సొమ్ము సంచీ, టిక్కెట్ల మిషను కండక్టరు పూచీ. వాటిని బస్సులో వదిలి పోరాదు. డిపో కౌంటరులో అప్పగించి రసీదు తీసుకుని పోవడమా, వెంట తీసుకుపోవడమా అన్నది ముందే అధికారితో తేల్చుకోవాలి. నమాజు వేళ పోయిన సొమ్ముకు జవాబు చెప్పవలసి వస్తే, మరునాటి నుండి ఆ డిపోలో ఏ ముస్లిముకూ అనుమతి దొరకదు.

ఈ మూడు దారులూ ప్రయత్నించి, ఏదీ కుదరక ఒక శుక్రవారం జుమా తప్పితే ఆయన జొహర్ నాలుగు రకాతులు చేయాలి, మరుసటి వారానికి ప్రయత్నం మానరాదు. అడగకుండానే "కుదరదు" అనుకుని వారాల తరబడి జుమా వదిలేసేవాని స్థితి వేరు, అడిగి నిరాకరింపబడినవాని స్థితి వేరు.

పండుగ సెలవు: చంద్రదర్శనం తెచ్చే చిక్కు

ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1 నుండి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైనందున ఊరిలో ప్రభుత్వ కార్యాలయాలూ పెరిగాయి. కాబట్టి ప్రభుత్వ సెలవుల పద్ధతి మన పాఠకులలో చాలామందికి అవసరమైనదే.

రాష్ట్ర ప్రభుత్వం ఏటా రెండు జాబితాలు వెలువరిస్తుంది. ఒకటి సాధారణ సెలవులు. ఈదుల్ ఫితర్, ఈదుల్ అజ్హా, ముహర్రం, మీలాదున్నబీ వీటిలో ఉంటాయి. రెండవది ఐచ్ఛిక సెలవులు. షబే మేరాజ్, షబే బరాత్, షబే ఖదర్, జుమఅతుల్ విదా వంటివి ఇందులో వస్తాయి. ఐచ్ఛిక సెలవులలో ఉద్యోగి ఏ మతస్థుడైనా సంవత్సరానికి అయిదు వరకు వాడుకోవచ్చు. కాని అవి వాటంతట అవి రావు. మంజూరు చేసే అధికారి నుండి ముందుగా వ్రాతపూర్వకమైన అనుమతి తీసుకోవాలి. "జాబితాలో ఉంది గదా" అని ఆ రోజు రాకపోతే అది సెలవు కాదు, గైరుహాజరే.

చిక్కు చంద్రదర్శనంతో వస్తుంది. రంజాన్ ఇరవై తొమ్మిదవ నాటి సాయంత్రం మగ్రిబ్ తరువాత గాని రేపు పండుగా, ముప్పయ్యవ రోజా అన్నది తేలదు. సెలవు జాబితా మాత్రం నెలల ముందే అచ్చవుతుంది. ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. అందుచేతనే ఆ ఉత్తర్వులోనే, పైన చెప్పిన నాలుగు పండుగల తేదీ చంద్రదర్శనాన్ని బట్టి మారితే ఆ మార్పు పత్రికల ద్వారా, ప్రసార సాధనాల ద్వారా ప్రకటింపబడుతుందనీ, అధికారులు వేరే ఉత్తర్వు కోసం ఎదురుచూడక దానిని పాటించాలనీ వ్రాస్తారు. ఈ ఒక్క వాక్యం తెలియక ప్రతి ఏటా కొన్ని కార్యాలయాలలో వాదులాట జరుగుతుంది. ఉత్తర్వు ప్రతి ఒకటి దగ్గర ఉంచుకుని, ఆ వాక్యం క్రింద గీత గీసి చూపితే చాలు.

ఐచ్ఛిక సెలవుల విషయంలో అంత నిశ్చింతగా ఉండరాదు. ఉదాహరణకు షబే బరాత్ మరునాడు సెలవు కోరే ఉపాధ్యాయుడు దరఖాస్తులో ఇట్లా వ్రాయవచ్చు: "ఫలానా తేదీన ఐచ్ఛిక సెలవు కోరుతున్నాను. చంద్రదర్శనాన్ని బట్టి తేదీ ఒక రోజు మారినట్లయితే, ఆ మారిన తేదీకి ఈ అనుమతిని వర్తింపజేయవలసిందిగా, లేదా ఆనాటికి క్యాజువల్ లీవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. ఆ రోజు నా తరగతులు తీసుకోవడానికి సహోపాధ్యాయులు అంగీకరించారు." దరఖాస్తు పదిహేను రోజుల ముందు ఇచ్చి, నకలు మీద చేరినట్టు సంతకం తీసుకుంటే రాత్రికి రాత్రి టెలిఫోను చేసి బతిమాలవలసిన పని ఉండదు. సొంత ఊరు దూరమై పండుగకు ముందు వెనుకల రోజులు కావలసినవారు క్యాజువల్ లీవును ఆదివారాలతో, ఇతర సెలవులతో కలుపుకోవచ్చు. అయితే అన్నీ కలిపి పది రోజులకు మించరాదు.

రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులను సాయంత్రం ఒక గంట ముందుగా పోనిచ్చే సదుపాయం ఉమ్మడి రాష్ట్రం నుండి వస్తున్నదే. 2025లోనూ ఉభయ తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు అటువంటి ఉత్తర్వులు ఇచ్చాయి. ఒప్పంద ఉద్యోగులను, పొరుగు సేవల సిబ్బందిని కూడా అందులో చేర్చారు. ఇది ఏ ఏటికాయేడు వచ్చే ఉత్తర్వు కనుక, ఆ సంవత్సరపు ఉత్తర్వు వచ్చిందా లేదా అని చూసుకుని వాడుకోవాలి. ఆ గంట ఉపవాసం విరమించి మగ్రిబ్ చేసుకోవడానికి ఇచ్చినది. అత్యవసరమైన పని ఉంటే ఆపి ఉంచే అధికారం పై అధికారికి ఉంటుందని గుర్తుంచుకోవాలి.

ప్రయివేటు మిల్లులలో, దుకాణాలలో పనిచేసేవారికి ఈ ఉత్తర్వులు వర్తించవు. ఫ్యాక్టరీలు, సంస్థలలో జాతీయ, పండుగ సెలవులను గురించి మన రాష్ట్రంలో 1974లో ఒక శాసనం చేశారు. జాతీయ దినాలతో బాటు కొన్ని పండుగలకు వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలని అది నిర్దేశించింది. ఏ పండుగలన్నది యజమానీ, పనివారూ సంప్రదించుకున్న మీదట ఏడాదికొకసారి నిర్ణయమవుతుంది. ఇక్కడే మనవారి అశ్రద్ధ కనబడుతుంది. జాబితా తయారయ్యేటప్పుడు మాట్లాడక, బక్రీద్ ముందురోజు వచ్చి సెలవు అడుగుతారు. సంవత్సరం మొదటిలోనే రెండు ఈద్‌లనూ జాబితాలో చేర్చమని అడగడం పది మంది పనివారున్న చోట కూడా సాధ్యమే. ఇక దినకూలీల విషయం దీనికి వేరు. పని లేనినాడు వారికి కూలీ లేదు. వారి ఇబ్బంది సెలవు కాదు, కూలీ నష్టం. ఈదుల్ ఫితర్‌కు ముందే ఫిత్రా, జకాత్ అందించడంలో ఊరిలోని స్థితిమంతులు వీరిని మొదట తలచుకోవడం న్యాయం.

గడ్డం, తలగుడ్డ: రెండు తీర్పుల పోలిక

దుస్తుల విషయానికి వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. సెలవు అడిగితే యజమాని కాలం మాత్రమే పోతుంది. యూనిఫారం ఉన్న ఉద్యోగంలో గడ్డం అడిగితే, ఆ శాఖ తన క్రమశిక్షణకు గుర్తుగా పెట్టుకున్న దానినే మార్చమని అడిగినట్లవుతుంది. కనుక ఇక్కడ వ్రాత నిబంధనే సర్వం. దీనిని రెండు తీర్పుల ద్వారా చూడవచ్చు.

మొదటిది వైమానిక దళానికి సంబంధించినది. గడ్డం ఉంచుకున్నందుకు ఉద్యోగం నుండి తొలగింపబడిన ఒక ముస్లిం వాయుసైనికుడు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2016 డిసెంబరు 15న తీర్పు వచ్చింది. ఆ దళపు నిబంధన ప్రకారం, తల వెంట్రుకలు కత్తిరించడాన్ని గాని, గడ్డం గీయడాన్ని గాని ఎవరి మతం నిషేధిస్తుందో వారికే మినహాయింపు. 2002 జనవరి 1కి ముందు చేరి, చేరేనాటికే గడ్డం ఉన్న ముస్లిములకు మాత్రం అనుమతి కొనసాగించారు. ఇస్లాంలో గడ్డం గీయడాన్ని నిషేధించే ఆదేశం ఉన్నదా అని న్యాయమూర్తులు పిటిషనరు న్యాయవాదిని అడిగారు. దీనిపై వేర్వేరు అభిప్రాయాలున్నాయనీ, గడ్డం ఉంచడం అభిలషణీయమన్నది వాటిలో ఒకటనీ ఆయన జవాబిచ్చాడు. నిబంధనలో "నిషేధం" అన్న మాట ఉంది, జవాబులో "అభిలషణీయం" అన్న మాట వచ్చింది. ఆ సైనికుడు మినహాయింపు పరిధిలోకి వస్తాడని చూపేది కోర్టు ముందు ఏదీ లేకపోయింది. తొలగింపు నిలిచింది.

ఇక్కడ మన పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. పిడికెడు గడ్డం ఉంచడం వాజిబ్ అని హనఫీ ఫుఖహాలో ప్రసిద్ధమైన అభిప్రాయం. మన ఊళ్లలో మాత్రం దానిని "సున్నత్" అనడమే వాడుక. ఇంట్లో ఈ వాడుక వల్ల నష్టం లేదు. కాని నిబంధన ముందు నిలబడినప్పుడు ఏ మాట వాడితే ఏమవుతుందో ఈ తీర్పు చూపుతుంది. మొదటలో చెప్పిన "ఇది ఏ స్థాయికి చెందినది" అన్న ప్రశ్న కేవలం మదరసా చర్చ కాదు.

రెండవ తీర్పు మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనానిది, 2024 జులైలో వచ్చినది. తమిళనాడు పోలీసు శాఖలో ఒక ముస్లిం కానిస్టేబులు 2018లో ముప్పయ్యొక్క రోజులు సెలవు పెట్టి మక్కా వెళ్లి వచ్చాడు. వచ్చిన తరువాత కాలికి వచ్చిన జబ్బు వల్ల సెలవు పొడిగించమని అడిగాడు. సెలవు దొరకలేదు సరికదా, గడ్డం ఎందుకుందని అధికారి ప్రశ్నించాడు. తరువాత అభియోగం మోపి ఇంక్రిమెంటు ఆపివేశారు. హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసి, విషయాన్ని మళ్లీ పరిశీలించమని తిప్పి పంపింది. ఎందుచేత? పోలీసు శాఖలో గడ్డం మామూలుగా నిషిద్ధమే అయినా, ముస్లిం సిబ్బంది చక్కగా కత్తిరించిన గడ్డం ఉంచుకోవచ్చునని 1957 నాటి మద్రాసు పోలీసు గెజెట్ అనుమతిస్తున్నది. అధికారులు తమ శాఖ ఇచ్చిన అనుమతినే మరచి శిక్ష వేశారు.

రెండు కేసులలోనూ ఉద్యోగి ముస్లిమే, గడ్డం గడ్డమే, రాజ్యాంగం ఒకటే. ఫలితం మాత్రం వేరయింది. ఒకచోట ఆధారంగా నిలబడే వ్రాత ఉంది, మరొకచోట లేదు. రాజ్యాంగంలోని 25వ అధికరణం ఇచ్చే మతస్వాతంత్ర్యం ప్రతి ఉద్యోగంలోనూ ప్రతి కోరికనూ దానంతట అదే నెరవేర్చదని దీనివల్ల తెలుస్తుంది.

మధురై తీర్పు చదివిన మన ప్రాంతపు సోదరులకు ఒక హెచ్చరిక. రాయలసీమ ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలోనిదే కనుక ఆ గెజెట్ మనకూ పనికివస్తుందని భ్రమపడరాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వేరుపడింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1957 గెజెట్ నాటికి నంద్యాల, ఆళ్లగడ్డలు మద్రాసు పాలనలో లేవు. ఇక్కడి పోలీసు ఉద్యోగి చూడవలసినది ఆంధ్రప్రదేశ్ పోలీసు మాన్యువల్‌నూ, తన విభాగపు ఉత్తర్వులనూ. గడ్డం పెంచిన తరువాత సంజాయిషీ వ్రాయడం కంటె, పెంచక ముందే వ్రాతపూర్వకంగా అనుమతి కోరడం మేలు. అనుమతి పత్రం సర్వీసు రిజిస్టరులో చేరేటట్టు చూసుకోవాలి, ఎందుకంటే అధికారులు బదిలీ అవుతారు. నిరాకరిస్తే, ఏ నిబంధన ప్రకారం నిరాకరించారో కాగితం మీద కోరాలి. పై అధికారికి గాని కోర్టుకు గాని పోవలసి వస్తే ఆ కాగితమే ఆధారం.

ఈ ఇబ్బంది మనకొక్కరికే ఉన్నదనుకోవడం కూడా సరికాదు. అయ్యప్ప మాల వేసిన తోటి ఉద్యోగి నల్లబట్టలతో, క్షవరం లేకుండా, చెప్పులు లేకుండా నలభై ఒక్క రోజులు గడుపుతాడు. యూనిఫారం శాఖలలో అతనికీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. అతని దరఖాస్తుకు వచ్చిన జవాబేమిటో తెలుసుకుంటే మన దరఖాస్తుకు దారి దొరకవచ్చు. ఒకే నిబంధన ఇద్దరికీ ఒకే విధంగా వర్తించిందా లేదా అన్నది కూడా అప్పుడు తేలుతుంది. ఒకరికి సర్ది మరొకరికి కాదంటే, అది వివక్ష అని చెప్పడానికి ప్రభుత్వోద్యోగంలో గట్టి ఆధారం ఉంటుంది.

సోదరీమణుల తలగుడ్డ విషయంలో కార్యాలయాల కంటె ఆసుపత్రులలో, యంత్రాల దగ్గర ఎక్కువ చిక్కు వస్తుంది. ఇక్కడ అభ్యంతరం రెండు రకాలు. ఒకటి అలవాటు లేక చెప్పేది, మరొకటి నిజమైన ప్రమాదం వల్ల చెప్పేది. తిరుగుతున్న బెల్టు దగ్గర వేలాడే దుపట్టా ప్రాణం తీయగలదు. అక్కడ బిగుతైన దుస్తులు ధరించమనడం మతం మీద దాడి కాదు. శరీఅత్ కోరేది తల కప్పుకోవడం. కొంగు వ్రేలాడాలని అది కోరలేదు. కుట్టిన బిగుతు టోపీవంటి తలగుడ్డను కోటు లోపలికి దోపుకుంటే రెండూ నెరవేరుతాయి. శస్త్రచికిత్స గదిలో మాత్రం మోచేతి క్రింద చేతులు కడుక్కోవలసిన నియమం రోగి ప్రాణానికి సంబంధించినది. కేరళలో 2023లో తిరువనంతపురం వైద్య కళాశాల విద్యార్థినులు కొందరు పొడుగు చేతుల చొక్కా, తలను కప్పే శస్త్రచికిత్సా టోపీ కావాలని కోరినప్పుడు వచ్చిన అభ్యంతరం ఇదే. ఇటువంటి చోట తల కప్పే కోరికనూ చేతుల కోరికనూ విడివిడిగా అడగాలి. మొదటిది సులభంగా తీరేది. రెండవదానికి, రోగి ప్రాణరక్షణలో అవసరం ఎంత సడలింపు ఇస్తుందో ఆలిమ్‌లను అడిగి నడుచుకోవాలి. రెండూ కలిపి అడిగితే రెండవదానితో బాటు మొదటిదీ పోతుంది.

ప్రయివేటు ఉద్యోగాలలో మన దేశపు స్థితిని కూడా స్పష్టంగా తెలుసుకోవాలి. అమెరికాలో పనిచేసే మన తెలుగువారికి, ఉద్యోగి మతాచారానికి యజమాని సర్దుబాటు చేయాలన్న శాసనం ఉంది. సర్దుబాటు వల్ల తన వ్యాపారానికి గణనీయమైన భారం పడుతుందని యజమాని చూపితేనే నిరాకరించగలడని అక్కడి సుప్రీంకోర్టు 2023 జూన్‌లో తేల్చింది. మన దేశంలో ప్రయివేటు యజమానిని అట్లా కట్టడి చేసే సాధారణ శాసనం లేదు. కనుక ప్రయివేటు ఉద్యోగంలో గడ్డం, తలగుడ్డ, జుమా ఈ మూడింటి సంగతి చేరేముందే మాట్లాడుకుని, నియామక పత్రంలో గాని వేరొక కాగితంలో గాని వ్రాయించుకోవడమే రక్షణ. చేరిన తరువాత అడిగేది దయ మీద ఆధారపడుతుంది, చేరేముందు వ్రాయించుకున్నది ఒప్పందమవుతుంది. ఒప్పందాలు నెరవేర్చమన్న ఆదేశం ఉభయులకూ వర్తిస్తుంది.

ఇక మన ఆళ్లగడ్డ సర్వీసు కండక్టరు దగ్గరకు తిరిగి వద్దాం. ఆయన తాను ముసాఫిర్ కాననీ, జుమా తనకు విధి అనీ తెలుసుకున్నాడు. తోటి ఉద్యోగితో సంతకాలు పెట్టించుకుని శుక్రవారం తెల్లవారుజాము డ్యూటీ తీసుకున్నాడు. మధ్యాహ్నానికి సొమ్ము, టిక్కెట్ల మిషను డిపోలో అప్పగించి, నంద్యాలలోనే జమాఅత్‌కు అందుకున్నాడు. సంక్రాంతి నాడు, ఊరంతా ఇళ్లలో ఉన్నవేళ, మాట ఇచ్చిన ప్రకారం తోటివాని బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టాడు. ఆ మరుసటి శుక్రవారం డ్యూటీ మార్చమని ఆయన మళ్లీ బతిమాలవలసిన అవసరం లేకపోయింది.